ఏడు కకారాలు

13 జూన్ 1954

తమ్ముడు అంబాదాస్ బొంబాయి పోయి ఈ రోజుకు ఇరవై రోజులు. పెళ్ళయిన నాలుగో నాడే సంచీ సర్దుకుని రైలెక్కాడు. మిల్లులో పని దొరికిందని, అక్కడే పనిచేసే మా పేఠ పోచయ్యతో కబురు పంపాడు, అంతే. కొత్త పెళ్ళికూతురు కళావతి మా ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని కండెలు చుడుతున్నది. అమ్మ ఆమె ముఖం చూడలేక దారం వైపు చూస్తుంది. నా భార్య నిర్మల నా ముఖం చూస్తుంది. ఎందుకు చూస్తుందో నాకు తెలియదు.

పిల్లవాడు పిరికివాడు. అంతకు మించి ఏమీ లేదు.

15 జూన్

సాఖర్ పేఠలో నాలుగు చోట్ల అడిగారు, తమ్ముడు ఏడని. మిల్లులో మంచి పని అని చెప్పాను. నవ్వు ఆపుకుంటూ తలలూపారు.

ఆ ఉఖాణా సంగతే వాళ్ళ మనసులో ఉన్నది. మరాఠీ వాళ్ళను చూసి మన పద్మశాలీలకూ అంటుకున్న ముచ్చట ఇది: పెళ్ళికొడుకు పెళ్ళాం పేరును రెండు పాదాల్లో కూర్చి పదిమందిలో చెప్పాలి. ఎవరికి కావాలన్నా నేనే రాసిస్తాను. సొంత తమ్ముడికి మామూలుది రాస్తానా? నెల రోజులు మగ్గం గుంటలో కూర్చుని ఆలోచించి రాశాను.

కలువల కొలనులో కలహంస కులుకు
కళావతి కలికి నా కంటికి వెలుగు

మాట మొదట ఏడు కకారాలు. వృత్త్యనుప్రాస అంటే ఇదీ. చివర అంత్యప్రాస ఉండనే ఉన్నది. షోలాపూర్ మొత్తంలో ఇంకొకడు రాయమనండి చూద్దాం.

వాడు సరిగ్గా చెప్పలేదు. లౌడు స్పీకరు ఒకటి పెట్టారు, దాన్ని చూసి బెదిరాడు. వాడికి చిన్నప్పటి నుంచి మాట తట్టుకుంటుంది, అది అందరికీ తెలుసు. అయినా భజనలో పాడితే ఒక్క అక్షరం తట్టుకోదు. కాబట్టి ఇదీ చెప్పగలడని అనుకున్నాను. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, దానితో పందిరంతా నవ్వింది. దానికి నేనేం చేస్తాను?

19 జూన్

ఉత్తరం రాశాను. పిల్లవాడి గుండె కరగాలి. సాయంత్రం దాకా కూర్చున్నాను, నాలుగు గజాల నేత పోయింది.

“తమ్ముడా! తల్లడిల్లు తల్లి తపనను తలచి, తడయక తరలి రా.”

ఏడు తకారాలు. ఇదీ ఏడే, అనుకోకుండా కుదిరింది. నిర్మలకు చదివి వినిపించాను. బాగున్నదని అన్నది. ఎసరు పొంగుతున్నదని లేచి పోయింది. పొయ్యి మీద ఎసరు లేదు.

4 జూలై

జవాబు లేదు.

అంబాదాస్ చదివింది మరాఠీ బడి. తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. మా పేఠలో వాడి ఈడు వాళ్ళందరూ అంతే, ఇంట్లో ఒక బాస, పలక మీద ఒక బాస. నేను మాత్రం పంతులు దగ్గర తెలుగు నేర్చుకున్నవాణ్ణి. ఉత్తరం తెలుగులోనే రాశాను. బొంబాయిలో వాళ్ళిద్దరూ ఉండేది ఒకే చాళీ, మిల్లు కూలీల వరస గదుల మేడ. పోచయ్యకు తెలుగు చదవడం వచ్చు, చదివి వినిపిస్తాడు. కవిత్వం చెవితో వినవలసిందే కదా.

7 జూలై

కళావతి తండ్రి రాజయ్య వచ్చాడు. అశోక్ చౌక్ నుంచి ఎండలో నడిచి వచ్చి నీళ్ళు కూడా ముట్టలేదు. నెమ్మదిగా మాట్లాడాడు. అదే భయం వేసింది.

“శ్రావణ పున్నమి దాక చూస్త బావా. జంధ్యాల నాటికి పిల్లగాడు రాకుంటె, మా పిల్లను మేము తీస్కపోతం. మల్ల తోలియ్యం.”

పున్నమి ఆగస్టు పద్నాలుగు. కళావతి తలుపు వెనక ఉన్నది. కండెల చప్పుడు ఆగలేదు. ఆమెకు పద్దెనిమిదేళ్ళు. తీసుకుపోయిన పిల్లను మళ్ళీ పంపరు, ఇంకో చోట ఇవ్వనూ ఇవ్వరు. ఇంట్లో మూల కూర్చోబెడతారు. ఈ పేఠలో అలాంటి ఇద్దరిని నేను ఎరుగుదును.

8 జూలై

రెండో ఉత్తరం. ఈసారి వెనక్కి తగ్గలేదు.

“పెళ్ళిపందిరి పచ్చదనం పోకముందే పడతిని పలకరింప పరుగున రా.”

మధ్యలో ఒక ఛేకానుప్రాస కూడా కూర్చుదామని చూశాను. జంట అక్షరాలు వెంట వెంటనే రావాలి, అర్థం మాత్రం వేరు కావాలి. కుదరలేదు. ఉన్నది చాలు. ఇది విని కూడా రాకపోతే వాడి గుండె గుండె కాదు.

18 జూలై

జవాబు లేదు. అమ్మ ఒక పూటే తింటున్నది. అడిగితే ఆకలి లేదంటుంది.

25 జూలై

పోచయ్య వచ్చాడు! నాలుగు రోజుల సెలవట. నన్ను చూడగానే చేతులు పట్టుకున్నాడు.

“దశరథన్నా, నీ చిట్ఠీ వచ్చిందంటె మా చాళీల జాత్రనే. కింది అంతస్తోళ్ళు గూడ ఎక్కొస్తరు. నేను హరికథ లెక్క రాగం దీసి సదువుత. మొన్నటి ‘పపప’ చిట్ఠీ మూడు మాట్లు సదివిపిచ్చుకున్నరు.”

మూడు మార్లు! బొంబాయిలో! మిల్లు కార్మికులు నా వచనాన్ని ముమ్మారు చదివించుకున్నారు. ఇక్కడి వాళ్ళకు నా విలువ తెలియదు. పోచయ్యకు చాయ్ ఇప్పించాను, భజియా కూడా తెప్పించాను.

అదే రోజు, తరువాత

అంబాదాస్ ఏమన్నాడని అడగడం మరిచిపోయాను. చెప్పులేసుకుని పోచయ్య ఇంటికి పోయి అడిగాను.

“ఆడా? చిట్ఠీ ఇప్పంగనే బకెట్ పట్టుకోని నల్ల కాడికి పోతడు. సదువుడు అయినంకనే వస్తడు. చాళీల పోరగాండ్లు ఆణ్ణి ‘పపప’ అంటున్నరు అన్నా. అంతకు ముందు ‘కకక’ అంటుండిరి, లగ్గం ముచ్చట తెల్సి.”

26 జూలై

నేత పని.

27 జూలై

నేత పని. పోగు తొమ్మిది సార్లు తెగింది.

28 జూలై

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

పెళ్ళి పందిట్లో చప్పట్లు మొదలుపెట్టింది ఎవరో కాదు, నేను. వాడు లౌడు స్పీకరు ముందు నిలబడి ‘క’ దగ్గర ఆగిపోయాడు. క, క, క అన్నాడు. ముఖం ఎర్రబడింది. నేనేమనుకున్నాను? నా కకారాలను వాడు ఒత్తి ఒత్తి పలుకుతున్నాడనుకున్నాను. పదిమందికీ తెలియాలని చూపిస్తున్నాడనుకున్నాను. ముచ్చటపడి చప్పట్లు కొట్టాను. నన్ను చూసి పక్కవాడు, వాణ్ణి చూసి పందిరంతా.

పైగా ఆ కాగితం వాడి చేతికి ఇచ్చింది పెళ్ళి నాటి పొద్దున. ముందే ఇస్తే ఇంకెవరైనా నేర్చుకుంటారని దాచాను.

29 జూలై

మగ్గం గుంటలో కూర్చుని వాడి నోటితో ఆ ఉఖాణా చెప్పి చూశాను. ఇంతకాలం నా చెవితోనే చూసుకున్నాను, ఒక్కసారి కూడా వాడి నోటితో చూడలేదు. ‘క’ అనాలంటే నాలుక వెనక భాగం పోయి అంగిలికి అడ్డం పడుతుంది. ఊపిరి ఆగుతుంది. ఆ అడ్డం తీస్తేనే శబ్దం. మాట సాఫీగా వచ్చేవాడికి అది క్షణం కూడా కాదు. మా తమ్ముడికి అదే తలుపు, దానికే తాళం. నేను వాడి దారిలో ఒకటి కాదు, ఏడు తలుపులు వరసగా పెట్టాను. ‘త’ కూడా అంతే, ‘ప’ కూడా అంతే. వెతికి వెతికి వాడికి తట్టుకునే అక్షరాలే ఏరాను.

‘మ’ అలా కాదు. పెదవులు మూసుకున్నా శబ్దం ఆగదు, ముక్కులోంచి పోతూనే ఉంటుంది. వాడు చిన్నప్పుడు అమ్మా అని పిలిస్తే ఎన్నడూ తట్టుకోలేదు. ఇది నాకు ఇప్పుడు తోచింది. నలభై ఏళ్ళకు.

నిర్మలకు చెప్పాను. “నాకు లగ్గం నాడే తెల్సు” అన్నది. మరి చెప్పలేదేమని అడిగితే, “నువ్వు సప్పట్లు కొడుతుంటివి” అన్నది.

1 ఆగస్టు

ఇంకో ఉత్తరం రాయాలి. పోచయ్య చేతికి దొరకకూడదు. వాడే సొంతంగా, ఒంటరిగా చదువుకోవాలి. అంటే మాట తెలుగే అయినా అక్షరం బాలబోధ కావాలి, మరాఠీ అక్షరం. నాకు అది సరిగ్గా రాయడం రాదు.

కళావతి మరాఠీ నాలుగో తరగతి చదివిందట. ఇంట్లోనే ఉన్నది, ఆమెకు రాయడం వచ్చు, మొగుడు ఆమె మొగుడు. రెండు నెలల్లో ఒక ఉత్తరం నువ్వు రాయమ్మా అని ఎవరూ అనలేదు. ఇంట్లో కవి ఉన్నాడు కదా.

2 ఆగస్టు

కళావతి నాతో నేరుగా మాట్లాడదు, నేను ఆమెకు బావను. నిర్మలతో అడిగించాను, మొగుడికి ఏం చెప్పాలని ఉన్నదని. నిర్మల వచ్చి ఆమె అన్నది అన్నట్టు చెప్పింది.

“ఆయనకు నోరు తిరగకుంటె ఏందక్కా, ఇంటికొస్తె సాలు గద.”

అంతే. ఇంకేమీ లేదట.

ఆ మాట విని మగ్గం ఆపి, చేతిలోని నాడె కింద పెట్టాను. మేమంతా రెండు నెలలుగా చెప్పవలసింది అదొక్కటే. కానీ ‘నోరు తిరగకుంటె’ అని కాగితం మీద చూస్తే వాడికి గుచ్చుకుంటుంది. ఆమె నోట జాలిగా ఉన్నది, అక్షరాల్లో ఎగతాళిగా ఉంటుంది. దాన్ని కొంచెం మార్చాలి. కొంచెమే.

3 ఆగస్టు

‘మ’తో రాద్దామని కూర్చున్నాను.

“మధురమైన మాట మరచినా మంచిదే, మమత మాయని మన మంగళ మందిరానికి మనిషి మరలి రావాలె.”

రాసిన తరువాత లెక్కపెట్టాను. పదకొండు. సంతోషం వేసింది. సంతోషం వేసినందుకు సిగ్గు వేసింది. నిర్మలకు చదివి, అర్థమయిందా అని అడిగాను.

“అయింది. అన్ని ‘మ’లే ఉన్నయని అర్థమయింది.”

అమ్మ కండె చుడుతూనే అన్నది: “అంచు మంచిగుంటదని చీరంత అంచే నేస్తవా? కట్టుకునుడెట్ల?”

కాగితం చింపాను. పాపం, మంచి వాక్యం.

4 ఆగస్టు

మందిరం తీసేశాను. మా ఇల్లు మందిరం కాదు. రెండు మగ్గాలు, ఒక పొయ్యి, వానొస్తే ఆ పొయ్యి పక్కనే కురుస్తుంది. మంగళం పోయింది. మమత అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు, అదీ పోయింది. మధురం పోయింది. వాడి మాట మధురమని ఎవరన్నారు? ‘మ’ కావాలి కాబట్టి వచ్చింది. ఇలా ఒక్కొక్క మాటనూ అడిగి చూశాను: నువ్వు చెప్పవలసింది ఉండి వచ్చావా, అక్షరం కోసం వచ్చావా? సగం మంది అక్షరం కోసం వచ్చినవాళ్ళే. ఇన్నేళ్ళుగా నా ఇంట్లో భోజనం చేస్తున్నారు.

5 ఆగస్టు

“మాట రాకున్నా మంచిదే, మనిషి రావాలె.”

ఇది నిలిచింది. మూడు ‘మ’లు ఉన్నాయి, కానీ మూడింటికీ పని ఉన్నది. మాట లేకపోతే దేని గురించో తెలియదు, మంచిదే లేకపోతే క్షమించినట్టు కాదు, మనిషి లేకపోతే పిలిచినట్టే కాదు. ‘రాకున్నా’, ‘రావాలె’ ఒకే క్రియ. మొదటిది లేమి, రెండోది పిలుపు. రెండు చోట్లా నోరు ‘రా’ అని తెరుచుకుంటుంది. రమ్మని చెప్పే వాక్యంలో ‘రా’ అనేది రెండుసార్లు వినపడుతుంది, ఒకసారి తెలియకుండా. ఇదంతా నేను ముందు అనుకుని రాసింది కాదు, రాసిన తరువాత చూసుకున్నాను. అబద్ధం. రెండో ‘రా’ అనుకునే రాశాను. మొదట ‘మనిషి వస్తె సాలు’ అని ఉండేది, పొద్దంతా నమిలి మార్చాను.

నిర్మలకు చదివాను. కొంగుతో ముక్కు తుడుచుకున్నది. ఎన్ని ‘మ’లని అడిగాను. “ఏం మలు?” అన్నది.

6 ఆగస్టు

ఉత్తరం రాయించాను. నేను మగ్గం గుంటలో, కళావతి తలుపు అవతల, నిర్మల గడప మీద. నేను చెబుతుంటే ఆమె బాలబోధలో రాసుకుంటూ పోయింది.

‘పున్నమికి జంధ్యాలు. అమ్మ సరిగా తింటలేదు.’ ఇంతవరకు బాగానే సాగింది. ‘మాట రాకున్నా’ దగ్గర పెన్సిలు చప్పుడు ఆగింది. అది తాను చెప్పినట్టు లేదని ఆమెకు తెలుసు. చెప్పింది మాత్రం అదే. కొంచెం సేపటికి మళ్ళీ రాసింది.

చివర చిక్కు వచ్చింది. మరాఠీ అక్షరాల్లో పొట్టి ‘ఎ’ లేదు. పొట్టి ‘ఒ’ కూడా లేదు. కొత్త అని రాస్తే కోత్త అవుతుంది, నెల అని రాస్తే నేల. ‘రావాలె’ రాయాలంటే ‘రావాలే’ అనే రాయాలి, ఇంకో దారి లేదు. నా చివరి అక్షరం సాగిపోయింది. మండిపడ్డాను. తూకం పోతుందన్నాను. కళావతి లోపల చదివింది విని నిర్మల గడప మీద నుంచే దాన్ని అన్నది, రాసినట్టే, సాగదీసి: మనిషి రావాలే.

వీధి చివరి దాకా పోతున్నవాణ్ణి వెనక నుంచి పిలిచినట్టున్నది. నేను నెల రోజులు కూర్చున్నా ఆ దీర్ఘం నాకు తట్టేది కాదు. మరాఠీ అక్షరం పెట్టింది. ఉండనీ అన్నాను.

కింద పేరు ఏం రాయాలని లోపల్నుంచి అడిగించింది. కళావతి అని రాయమన్నాను. దశరథ్ అని రాయిస్తే వాడు విప్పకుండానే నల్ల దగ్గరికి పోతాడు.

9 ఆగస్టు

ఏమీ లేదు.

11 ఆగస్టు

రాజయ్య మనిషిని పంపాడు, పదిహేను పొద్దున బండి తెస్తామని. కళావతి తన పెట్టె సర్దుకున్నదట. మూడే చీరలు, ఎంతసేపు పడుతుంది. అమ్మ ఈ రోజు ఒక పూట కూడా తినలేదు.

మూడు ‘మ’లు సరిపోలేదేమో. నాలుగైదు ఉంటే బాగుండేదా? ఈ బుద్ధి చచ్చినా పోదు.

13 ఆగస్టు

వచ్చాడు.

14 ఆగస్టు

పున్నమి. పొద్దున్నే ఇద్దరం పక్క పక్కన కూర్చుని జంధ్యాలు మార్చుకున్నాం. మంత్రం చెప్పేటప్పుడు వాడికి తట్టుకోలేదు, రాగంలో ఉంటుంది కదా. అమ్మ రెండు పూటలా తిన్నది. రాజయ్య వచ్చి, అల్లుణ్ణి చూసి, ఈసారి నీళ్ళు తాగాడు. కళావతి పెట్టె విప్పింది. వాడు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

15 ఆగస్టు

మధ్యాహ్నం అంబాదాస్ వచ్చి నా మగ్గం పక్కన కూర్చున్నాడు. తెగిన పోగు ఒకటి ముడివేశాడు. నేను చప్పట్ల సంగతి చెప్పి క్షమించమన్నాను. అలంకారం లేకుండానే చెప్పాను, దానంతట అదే రాలేదు. వాడు చెయ్యి ఊపాడు, పోనీ అన్నట్టు. బొంబాయికి మళ్ళీ పోనన్నాడు, ఇక్కడే నేస్తానన్నాడు. అంగీ జేబులోంచి ఆ ఉత్తరం తీశాడు. మడతల దగ్గర అప్పుడే నలిగిపోయింది.

మెల్లగా, ఆగి ఆగి మాట్లాడాడు. నేను మధ్యలో అందివ్వలేదు. ఇంతకు ముందు ఎప్పుడూ వాడి మాటను నేనే పూర్తి చేసేవాణ్ణి.

“మిల్లుల సాంచెల మోత నడుమ నిలబడి సదివిన అన్నా. మల్ల మల్ల సదివిన. నీ చిట్ఠీలు ఇంటె నాకు అక్షరాలే ఇనపడ్డయి. ఇది సదివితె మనిషి ఇనపడ్డది.” ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. “సదువు నాలుగో తరగతే. సూడు, ఒక్క మాట ఎక్కువ లేదు. అది కవిత్వం అని ఆమెకు ఎర్కనే లేదు.”

నా నాలుక చివర దాకా వచ్చింది. పొద్దంతా నమిలిన ‘రా’ సంగతి, పదకొండు నుంచి మూడుకు వచ్చిన లెక్క, అన్నీ. జన్మలో నేను రాసిన ఒకే ఒక్క మంచి వాక్యం అది. గుమ్మంలో నిర్మల నిలబడి నన్నే చూస్తున్నది. నోరు మూసుకున్నాను. చెబితే వాడికి మళ్ళీ నా ఉత్తరమే మిగులుతుంది, ఆమెది పోతుంది.

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేస్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు. నా మనసు కష్టపెట్టకూడదని చాలా నెమ్మదిగా అన్నాడు.

“నువ్వు గూడ జెర ఆమె దగ్గర నేర్సుకో అన్నా.”

నేర్చుకుంటానని అన్నాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. సంతోషం వల్లనే అని ఇక్కడ రాసుకుంటున్నాను.